కట్టక్కర్లేదన్నారు, పడదనలేదు

మా చెల్లి నర్సింగ్ చదువు ముగించుకొని ఇంటికి వచ్చిన వారంలోనే, 2024 అక్టోబరులో, మేము అన్నదమ్ములిద్దరం బాను వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్ళాం. చదువు అప్పు తాలూకు స్టేట్‌మెంట్ ఇమ్మని అడిగాం. కౌంటరులో ఉన్న ఆయన నాలుగు కాగితాలు ముద్రించి ఇచ్చాడు. చివరి వరుసలో ఐదు లక్షలు ఉంది.

బా ఆ కాగితం చదవలేడు. కానీ అంకెలు గుర్తుపడతాడు.

"తీసుకున్నది నాలుగే గదా సార్, ఐదెట్లయింది?"

"వడ్డీ పెద్దాయనా."

"కట్టే టైమే ఇంకా రాలేదు గదా, అప్పుడే వడ్డీ ఏంది?"

"కట్టే టైము రాలేదు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పడుతోంది."

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 2020లో ఇదే బ్యాంకులో సంతకాలు పెట్టినప్పుడు అప్పటి మేనేజరు చెప్పిన మాట మాకు బాగా గుర్తుంది. "చదువైపోయిన ఏడాది దాకా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు" అన్నాడు. అది అబద్ధం కాదు. కట్టక్కర్లేదన్నాడు, పడదనలేదు. ఆ రెంటికీ ఉన్న తేడా ఆరోజు మా చెవికి ఎక్కలేదు.

మాది కదిరి వైపు ఒక తండా. 2022 ఏప్రిల్ నుంచి మా జిల్లా పేరు శ్రీ సత్యసాయి జిల్లా. మాటల్లో మాత్రం ఇంకా అనంతపురమే అంటాం. ఏడాది మొత్తానికి సగటున ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ ఒక ఏడు పడుతుంది, రెండేళ్ళు మొహం చాటేస్తుంది. బుడ్డలు తప్ప వేరే పంట వేసే ధైర్యం చాలామందికి లేదు. అప్పులేని ఇల్లు మా తండాలో లేదు. మా బాకు వడ్డీ లెక్క కొత్త కాదు. నూటికి రెండు రూపాయలంటే నెలకు ఎంతో, ఏడాదికి ఎంతో వేళ్ళ మీద చెప్పేస్తాడు. మాలో చిన్నవాడు ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. ఏటా ఏడో తరగతి పిల్లలకు బారువడ్డీ పాఠం చెప్పేది వాడే. అలాంటి ఇంట్లో నాలుగేళ్ళపాటు ఎవరమూ ఆ అప్పు ఖాతా ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. సిగ్గుపడాల్సిందే, అయినా రాస్తున్నాం. మా తండాల్లో ఇప్పుడు చదువు అప్పు తీసుకుంటున్నవాళ్ళు ఇదే చోట తడబడుతున్నారు.

అసలు అప్పు ఎందుకు చేయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. ఎస్టీ పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని చాలామంది అడుగుతారు. కన్వీనర్ కోటాలో సీటు వస్తే అది ఉంటుంది. మా చెల్లికి ఆ సీటు రాలేదు. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మా ప్రాంతపు ఆడపిల్లలు చాలామంది చేసే పనే తనూ చేసింది. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. ఫీజు, హాస్టలు కలిపి ఏటా లక్ష రూపాయల చొప్పున నాలుగు లక్షల అప్పు మంజూరైంది. నాలుగు లక్షల లోపు కాబట్టి మన వాటా డబ్బు చూపించమనలేదు, భూమి పాసుపుస్తకం తాకట్టు అడగలేదు. బా మాత్రం సహరుణగ్రహీతగా వేలిముద్ర వేశాడు. ఆ వేలిముద్ర సంగతి తర్వాత చెబుతాం.

ఇక లెక్కకు వస్తాం. బ్యాంకు వడ్డీ రేటు మధ్యలో మారుతూ వచ్చింది. రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచినప్పుడల్లా మాదీ కొంచెం పెరిగింది. అర్థం కావడం కోసం ఇక్కడ ఏడాదికి పది శాతంగా సరిచేసి చెబుతున్నాం. బాకు మేము చెప్పిన లెక్క ఇది. బ్యాంకు పది శాతమంటే మన భాషలో నూటికి నెలకు ఎనభై మూడు పైసలు.

2020 అక్టోబరులో మొదటి లక్ష కాలేజీకి వెళ్ళింది. ఆ రోజు నుంచే దాని మీద నెలకు 833 రూపాయలు పడుతూ వచ్చింది. ఏడాది తిరిగేసరికి పది వేలు. రెండో ఏడు ఇంకో లక్ష వెళ్ళింది కాబట్టి వడ్డీ ఇరవై వేలు పడింది. మూడో ఏడు ముప్పై వేలు, నాలుగో ఏడు నలభై వేలు. అన్నీ కలిపితే చదువు ముగిసేనాటికి సరిగ్గా లక్ష. బా అడిగిన ఐదు లక్షలు అట్లా అయింది. చదువైపోయాక ఇచ్చే ఏడాది గడువులో కూడా మీటరు ఆగదు కాబట్టి ఇంకో నలభై వేలు చేరుతుంది. అంటే కంతు మొదలయ్యే రోజుకు 5,40,000.

బ్యాంకు యాప్‌లో ఏమీ కనిపించలేదా అని మా టీచరు మిత్రులు అడిగారు. చెల్లి ఫోన్‌లో యాప్ ఉంది. ఎప్పుడు తెరిచినా Overdue Amount 0.00 అని కనిపించేది. బాకీ సున్నా అనుకుంది పాపం. అది గడువు దాటిన కంతు ఎంతో చెప్పే వరుస. కంతే మొదలు కాలేదు కాబట్టి దాటేదేమీ లేదు, కాబట్టి సున్నా. అప్పు ఎంత ఉందో దాని కింద వేరే వరుసలో ఉంది. అక్కడిదాకా వేలు జరపలేదు.

మారటోరియం అన్న మాట కూడా మమ్మల్ని మోసం చేసింది. చెల్లి కాలేజీలో చేరిన 2020లోనే కరోనా వచ్చింది. మార్చి నుంచి ఆగస్టు చివరి దాకా కంతులు కట్టకపోయినా ఫరవాలేదని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. టీవీలో రోజూ మారటోరియం, మారటోరియం అని వినిపించేది. దాన్ని మేము మాఫీకి తమ్ముడనుకున్నాం. ఆ మారటోరియం మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ నెలలకు వడ్డీ మీద వడ్డీ వేయొద్దని 2021 మార్చిలో కోర్టు చెప్పింది. వడ్డీ మొత్తాన్నే మాఫీ చేయమంటే మాత్రం ఒప్పుకోలేదు. అంతకుముందు 2014లో రైతు కుటుంబానికి లక్షన్నర దాకా పంట అప్పు మాఫీ అని విడతలుగా వేసినప్పుడు కూడా, ఆ విడతల కోసం కూచున్నవాళ్ళ ఖాతాల్లో వడ్డీ ఆగలేదు. మా బాకు అది స్వయంగా తెలుసు. అయినా చదువు అప్పు సంగతి వేరేలే అనుకున్నాడు, ఎవరి ఇంట్లోనైనా అంతే.

ఆ రోజు సాయంత్రం స్టేట్‌మెంట్ ముందేసుకొని కూచున్నాం. మాలో చిన్నవాడు ఒక వరుస దగ్గర ఆగాడు. నాలుగో ఏడు పొడుగునా పడిన వడ్డీ ముప్పై రోజుల నెలలో 3,288, ముప్పై ఒక్క రోజుల నెలలో 3,397. అంతకు మించి ఏ నెలా పెరగలేదు. అప్పటికే అరవై వేల పాత వడ్డీ ఖాతాలో ఉంది. దాని మీద కూడా వడ్డీ పడుతుంటే ఈ అంకె నెలనెలా పైకి పాకాలి. పాకడం లేదు. అంటే బ్యాంకు వేస్తున్నది బారువడ్డీ. చక్రవడ్డీ కాదు.

వాడు బడిలో చెప్పే పాఠం అప్పటికి ఇంటికి పనికొచ్చింది. విద్యా రుణాల్లో చదువు కాలానికీ, ఆ తర్వాతి గడువుకూ బారువడ్డీయే వేయాలన్నది బ్యాంకులు అనుసరించే నమూనా పథకంలో ఉన్న నియమమే. ఈ వడ్డీ ఒక పక్కన కుప్పగా పడి ఉంటుంది. అది పిల్లలు పెట్టదు. గడువు ముగిసిన రోజున మాత్రం కుప్ప మొత్తాన్ని తెచ్చి అసలులో కలిపేస్తారు. ఆ రోజు నుంచి దానికీ వడ్డీ పడుతుంది. 1,40,000 వడ్డీ అసలైపోయి, పదేళ్ళ కంతుల్లో కట్టేసరికి మన చేతి నుంచి దాదాపు 2,22,000 పోతుంది. ఎట్లాగంటే, నాలుగు లక్షలకు పదేళ్ళకు నెల కంతు 5,286. అదే 5,40,000కు 7,136. నెలకు 1,850 తేడా, నూట ఇరవై నెలలు.

మా పథకమంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడింది. కుప్ప అసలులో కలిసే తేదీ ఏది? ఆలోపు కుప్పను ఎంత తగ్గించగలం? తేదీ కనుక్కోవడానికి మంజూరు పత్రం వెతికాం. అందులో చదువు ముగిసే నెల 2024 అక్టోబరు అని రాసి ఉంది, కాబట్టి గడువు 2025 అక్టోబరు దాకా. ఇక్కడ ఒక మాట. ఏడాది గడువు లెక్కించేది చదువు ముగిసిన తేదీ నుంచి. ఫలితాలు వచ్చిన రోజు నుంచి కాదు, ఉద్యోగం దొరికిన రోజు నుంచి కాదు. మా చెల్లికి ఫలితాలు, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు అయ్యేసరికి డిసెంబరు దాటింది. జనవరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. పన్నెండు నెలల గడువులో మూడు నెలలు అట్లాగే కరిగిపోయాయి.

ఇంకొక తప్పు స్టేట్‌మెంట్‌లో లేని వరుస వల్ల బయటపడింది. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉన్న పిల్లలు వృత్తి, సాంకేతిక కోర్సులు చదివితే, చదువు కాలానికీ తర్వాతి ఏడాదికీ పడే వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరిస్తుంది. 2009 నుంచి ఉన్న పథకం ఇది. కెనరా బ్యాంకు దీనికి నోడల్ బ్యాంకు. అన్ని బ్యాంకులూ తమ విద్యార్థుల తరఫున అక్కడికే క్లెయిమ్ పంపుతాయి. డబ్బు వస్తే అప్పు ఖాతాలోనే జమ పడుతుంది, సబ్సిడీ అని వరుస కనిపిస్తుంది. కాలేజీకి నాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి, నర్సింగ్ లాంటి కోర్సుకైతే నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం. మధ్యలో చదువు మానేస్తే రాదు. మా చెల్లి విషయంలో అన్నీ సరిపోయాయి. మా ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల దరిదాపుల్లో కూడా లేదు. కానీ నాలుగు కాగితాల్లో ఎక్కడా సబ్సిడీ వరుస లేదు.

కొత్తగా వచ్చిన మేనేజరు ఓపికగలవాడు. ఫైలు తెప్పించి చూశాడు. అందులో తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం లేదు. మేము ఇవ్వలేదో, ఇచ్చినది ఎక్కడైనా జారిపోయిందో ఇప్పుడు తేల్చలేం. ఇచ్చామనే బా అంటాడు. ఇచ్చినట్టు మా దగ్గర రసీదు లేదు, జిరాక్సు కూడా లేదు. మేనేజరు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇప్పుడు తెచ్చివ్వండి. పోయిన ఏడాదికీ, నడిచే ఏడాదికీ క్లెయిమ్ పెడతాను. అంతకు ముందు మూడేళ్ళవి మూసేశారు, నా చేతుల్లో లేదు."

మీసేవలో దరఖాస్తు పెట్టి, పత్రం తెచ్చి, ఈసారి జిరాక్సు మీద బ్యాంకు ముద్ర వేయించుకున్నాం. తర్వాత నెలల్లో రెండు విడతలుగా ఎనభై వేలు జమ అయింది. మొదటి మూడేళ్ళ వడ్డీ అరవై వేలు మాత్రం మా మీదే మిగిలింది. ఒక కాగితం ఖరీదు అరవై వేలు. చదివే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఏడాదికోసారి స్టేట్‌మెంట్ తీసి సబ్సిడీ వరుస ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ ఏడాదే అడగండి. తర్వాత అడిగితే ఏమవుతుందో మేము చూశాం. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని ఇంకో పథకం తెచ్చింది. ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో చేరినవాళ్ళకు, ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే మూడు శాతం వడ్డీ రాయితీ. మా చెల్లి అప్పటికే చదువు ముగించింది కాబట్టి మాకు దానితో పని పడలేదు.

ఇప్పుడు మా ముందున్నది ఇది: 2025 అక్టోబరు నాటికి అసలు నాలుగు లక్షలు, కుప్ప అరవై వేలు. చెల్లి జీతం పద్దెనిమిది వేలు. బెంగళూరులో గది, తిండి, బస్సు పోను నెలకు ఏడు వేలు పక్కన పెట్టగలనంది. యాడి అయితే, "బిడ్డ సంపాదన మొదటి రూపాయి బ్యాంకుకే పోవాలి, ఆ మచ్చ ముందు పోవాల" అంది. అమ్మ మాట కాబట్టి మేము ఎదురు చెప్పలేదు. కానీ లెక్క వేరేగా ఉంది.

మా ఇంట్లో ఇంకో అప్పు ఉంది. బోరు వేయించినప్పుడు బా ఒకాయన దగ్గర నూటికి రెండు రూపాయలకు తెచ్చిన యాభై వేలు. నీళ్ళు పడలేదన్నది వేరే కథ. ఆ యాభై వేలు నెలకు వెయ్యి తింటోంది. బ్యాంకులో ఉన్న అరవై వేల వడ్డీ కుప్ప అక్టోబరు దాకా రూపాయి కూడా పెరగదు. జనవరిలో కట్టినా సెప్టెంబరులో కట్టినా బ్యాంకు లెక్కలో తేడా రాదు. అసలులో కలిశాక కూడా నెలకు ఐదు వందలే పెంచుతుంది. కాబట్టి ముందు తీర్చాల్సింది బోరు అప్పు.

యాడికి ఇది ఒప్పించడానికి రెండు రాత్రులు పట్టింది. చివరికి మాలో పెద్దవాడు రెండు చెంబులు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి కారుతున్న చెంబు, ఒకటి కారని చెంబు. "యాడీ, ముందు దేనికి మాటేస్తావు?" అన్నాడు. యాడి నవ్వింది. "మీ బ్యాంకు చెంబు అక్టోబరులో కారడం మొదలైతది గదరా" అంది. ఆమె చెప్పిందే నిజం. అందుకే తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకున్నాం.

జనవరిలో ఏడు వేలు ఇచ్చాం. అందులో వెయ్యి వడ్డీకి, ఆరు వేలు అసలుకు. ఇట్లా కొంచెం కొంచెంగా అసలు తీసుకోవడానికి ఆ అప్పాయన ఒప్పుకోవడం మా అదృష్టం. చాలామంది ఒప్పుకోరు, మొత్తం తెస్తేనే తీసుకుంటామంటారు. ఫిబ్రవరిలో వడ్డీ 880కి దిగింది, మార్చిలో 758కి. ఆగస్టులో చివరి ఐదున్నర వేలు ఇచ్చి నోటు వెనక్కి తీసుకున్నాం. బా ఆ కాగితాన్ని పొయ్యిలో వేయబోతే చిన్నవాడు లాక్కొని చింపి, ముక్కలు సంచిలో దాచాడు. టీచర్లకు ఉండే జబ్బు.

ఆ లోపల మా బంధువొకాయన ఒక సలహా ఇచ్చాడు. "నూటికి రెండుకు నేనిస్తా, బ్యాంకు వడ్డీ అరవై వేలు ఒకేసారి కట్టిపారేయండి, పీడ పోతది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అరవై వేలకు ఆయనకిచ్చే వడ్డీ నెలకు 1,200. కట్టడం వల్ల బ్యాంకులో మిగిలేది 500. బ్యాంకు అప్పంటే భయపడి ఊళ్ళో అప్పుతో దాన్ని తీర్చడం మా తండాల్లో తరచూ జరుగుతుంది. మేమూ ఆ దారిలోకి ఒక కాలు పెట్టి వెనక్కి తీసుకున్నాం.

ఆగస్టు మిగులు 1,500, సెప్టెంబరు ఏడు వేలు కలిపితే ఎనిమిదిన్నర వేలు. దసరా ముందు మేకపోతులకు ధర ఉంటుంది. రెండింటిని అమ్మితే పదహారున్నర వేలు వచ్చింది. బుడ్డల డబ్బు కోసం చూద్దామంటే కాయ ఇంకా భూమిలోనే ఉంది. సెప్టెంబరు చివరి వారంలో పాతిక వేలు అప్పు ఖాతాలో కట్టాం. అరవైలో పాతిక పోగా ముప్పై ఐదు వేలు అసలులో కలిసింది. మొత్తం 4,35,000తో కంతు మొదలైంది. అరవై వేలూ కట్టగలిగి ఉంటే బాగుండేది. కుదరలేదు.

వడ్డీ ఏ నెలకానెల చదువు రోజుల్లోనే కట్టేవాళ్ళకు కంతులు మొదలయ్యాక ఒక శాతం దాకా రేటు తగ్గించే వెసులుబాటు కూడా బ్యాంకుల్లో ఉంది. మొదటి ఏడు 833, రెండో ఏడు 1,667 అంటే నెల జీతం వచ్చే ఇల్లు మోయగలదు. ఏడాదికోసారి పంట డబ్బు కళ్ళజూసే ఇంటికి అది కష్టం. అందుకే దాన్ని తెలిసి వదిలేశాం. మీ ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం ఉంటే ఆలోచించండి.

కంతు ఎన్నేళ్ళకు పెట్టుకోవాలన్నది చివరి తగువు. పదేళ్ళకైతే నెలకు 5,749. పదిహేనేళ్ళకైతే 4,675. పదేళ్ళకు పెట్టుకుంటే త్వరగా తీరుతుందని చెల్లి. పదిహేనేళ్ళు మోస్తే కట్టే మొత్తం లక్షన్నర పైగా పెరుగుతుందని చిన్నవాడు కూడా ఆమె పక్కనే నిలిచాడు. పెద్దవాడు సెంట్రింగ్ పనిచేస్తాడు, పని లేని నెలలు ఎట్లుంటాయో వాడికి తెలుసు. కాగితం మీద పదిహేనేళ్ళు రాయించి, కట్టేది మాత్రం పదేళ్ళ లెక్కన కడదామన్నాడు. విద్యా రుణం ముందుగా తీర్చినందుకు జరిమానా లేదు. ప్రతి నెలా 4,675 ఖాతా నుంచి దానంతటదే పోతుంది, మిగతా 1,074 చెల్లి విడిగా వేస్తుంది. అట్లా వేసినంత కాలం అప్పు పదేళ్ళలోనే తీరుతుంది. ఒకవేళ ఉద్యోగం పోయినా, కరువొచ్చినా, ఆ నెల 4,675తో గడువు తప్పకుండా బయటపడొచ్చు. పదేళ్ళకు రాయించుకున్నవాళ్ళకు ఆ వెయ్యి రూపాయల ఊపిరి ఉండదు. అదనంగా వేసింది అసలులో తగ్గుతోందా, వచ్చే నెల కంతుకు ముందస్తుగా పక్కన పెడుతున్నారా అని ఒకసారి బ్యాంకులో అడిగి రాయించుకోవాలి. మేము అడిగాం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఆ వేలిముద్ర. కంతు తొంభై రోజులు దాటి ఆగితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆ మచ్చ చెల్లి పేరు మీదే కాదు, సహరుణగ్రహీత అయిన బా పేరు మీద కూడా సిబిల్‌లో పడుతుంది. జూన్‌లో పంట అప్పు తిరగరాయించుకోవడానికి బా వెళ్ళేది కూడా బ్యాంకుకే. విత్తనం వేసే ముందు ఆ అప్పు ఆగితే మళ్ళీ నూటికి రెండు దగ్గరికే పోవాలి. ఉద్యోగం నిజంగా లేకపోతే దాక్కోకుండా ముందే వెళ్ళి రాతపూర్వకంగా అడగాలి. పని లేని కాలానికి కంతు వాయిదా ఇచ్చే వీలు నమూనా పథకంలోనే ఉంది. అది కూడా మారటోరియమే, కాబట్టి అప్పుడు కూడా వడ్డీ పడుతూనే ఉంటుంది.

మొదటి కంతు 2025 నవంబరులో పోయింది. ఆ ఆదివారం చెల్లి ఫోన్ చేసి బాకు చెప్పింది.

"బా, 5,749 కట్టాను."

"దాంట్లో అసలుకు ఎంత పోయింది?"

చెల్లి ఫోన్‌లో చూసి చెప్పింది. వడ్డీకి 3,625, అసలుకు 2,124. మిగిలింది 4,32,876. బా ఆ అంకె మళ్ళీ చెప్పించుకున్నాడు. గోడ మీద పాత తేదీ కింద చిన్నవాడి చేత బొగ్గుతో రాయించాడు. డిసెంబరు అంకె దాని కింద రాయడానికి చోటు వదిలాడు.